అన్నప్రాశన ఫొటో కింద రాత: తాతలు, అవ్వలు, ఇంటి ఆనవాయితీ కలిసేలా ఎట్లా రాయాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్, హన్మకొండ, కరీంనగర్, జగిత్యాల వైపు అన్నప్రాశన చేసుకున్న ఇళ్ల నుంచి ఎక్కువగా వచ్చే ప్రశ్నలివి. ఫొటో మంచిగనే వస్తుంది. కింద ఏం రాయాలనే దగ్గరే ఆగిపోతారు. రాసినా ఒక తాత పేరు మరిచిపోతారు, లేదంటే ఎవరు ఎవరికి ఏమవుతారో చదివేవాళ్లకు అర్థం కాకుండా పోతుంది. ఇక్కడ ఒక్క పని గురించే చెబుతున్నాం: రెండు వైపుల పెద్దవాళ్లు, ఇంటి పద్ధతి ఉండేలా మూడు నాలుగు వాక్యాల క్యాప్షన్ రాయడం.

ముందుగా ఏం తేల్చుకోవాలి?

ఎవరు మాట్లాడుతున్నారన్నది. క్యాప్షన్ బిడ్డ గొంతులో ఉండొచ్చు, తల్లి గొంతులో ఉండొచ్చు, తండ్రి గొంతులో ఉండొచ్చు. ఏదైనా ఒక్కటే ఉండాలి. మేం చూసే తప్పుల్లో ఎక్కువ భాగం ఇక్కడే మొదలవుతాయి.

ఈ వాక్యం చూడండి: "మా పాపకు బాపమ్మ మొదటి ముద్ద తినిపించింది." రాసింది తల్లి. ఆమె ఉద్దేశం పాప బాపమ్మ, అంటే తన అత్తమ్మ. కానీ "మా పాప" అని మొదలుపెట్టాక "బాపమ్మ" అంటే, ఆమె రాసినామెకే బాపమ్మ అవుతుందనుకుంటారు చదివేవాళ్లు. అరవై ఏళ్ల నానమ్మ కాస్తా ముత్తవ్వ అయిపోతుంది. కింద "ముత్తవ్వ ఇంకా అంత గట్టిగ ఉన్నదా" అని ఎవరో ఒకరు అడుగుతారు కూడా.

దిద్దడం తేలికే. బిడ్డ గొంతు అయితే "నాకు బాపమ్మ మొదటి ముద్ద పెట్టింది". తల్లి గొంతు అయితే "మా అత్తమ్మ పాపకు మొదటి ముద్ద పెట్టింది". రెండూ కలపాలంటే "పాప వాళ్ల బాపమ్మ" అనాలి. తాతలు, అవ్వలు నలుగురూ ఉన్న క్యాప్షన్‌కు బిడ్డ గొంతే సులువని మా అభిప్రాయం. అత్తమ్మ, మామయ్య, అమ్మ, బాపు అని రెండు తరాల వరుసలు కలిసిపోకుండా అందరూ తాత, బాపమ్మ, అమ్మమ్మ అవుతారు.

ఇద్దరు తాతలున్నారు. ఏ తాత ఎవరో తెలిసేదెట్లా?

ఇంట్లో పిలిచినట్టే రాయండి. మన దగ్గర ఊరి పేరుతో పిలవడం మామూలే: హన్మకొండ తాత, జమ్మికుంట తాత. "తండ్రి తరఫు తాతగారు" అని రాస్తే పెండ్లి కార్డులో మాటలా ఉంటుంది. ఊరి పేరు పెడితే ఒక్క మాటతో మనిషీ తెలుస్తాడు, ఏ వైపో తెలుస్తుంది, ఆ ఊళ్లో ఉన్న చుట్టాలకూ సంతోషం. ఇద్దరిదీ ఒక్కటే ఊరైతే వాడపేరు పనికొస్తుంది. మట్టెవాడ తాత, కాజీపేట తాత అన్నట్టు.

అవ్వల దగ్గర ఈ ఇబ్బంది లేదు. అమ్మమ్మ అంటే తల్లి తల్లే. తండ్రి తల్లిని మాత్రం మీ ఇంట్లో బాపమ్మ అంటారో, నానమ్మ అంటారో, నాయనమ్మ అంటారో అదే రాయండి. ఇంట్లో రోజూ బాపమ్మ అని పిలిపించుకునే ఆమె ఫొటో కింద "నానమ్మ" అని కనిపిస్తే, అది తన గురించి రాసినట్టు అనిపించదు.

"ఇంటి ఆనవాయితీ" అని రాస్తే చాలదా?

చాలదు. ఆ మాట చదివినవాళ్లకు ఏమీ కనిపించదు. ఆనవాయితీ ఒక వస్తువులోనో, ఒక పనిలోనో, ఒక చోటులోనో ఉంటుంది. దాన్నే రాయాలి. అది తెలియాలంటే రాసే ముందు ఇంట్లో పెద్దామె దగ్గర కూర్చొని నాలుగు సంగతులు అడగండి. గిన్నె, చెంచా ఎవరు తెచ్చారు? పరమాన్నం ఎవరు వండారు, వాళ్ల అలవాటేమిటి? బిడ్డను ఎవరి ఒడిలో కూర్చోబెట్టారు? మొదటి ముద్ద ఎవరు పెట్టారు?

జవాబులు ఇంటికొక తీరుగా ఉంటాయి. చాలా ఇళ్లలో వెండి గిన్నె, చెంచా తల్లిగారింటి నుంచి వస్తాయి. మేనమామ ఒడిలో కూర్చోబెట్టే ఇళ్లున్నాయి, తాత ఒడిలో కూర్చోబెట్టే ఇళ్లున్నాయి. కొందరు గుడిలో చేసి వస్తారు: వరంగల్‌లో భద్రకాళి గుడి, ఇంటి దేవుడైతే వేములవాడ రాజన్న, ధర్మపురి నరసింహస్వామి. కొందరు ఇంట్లోనే పీట వేసి చేస్తారు. తినిపించాక బిడ్డ ముందు పుస్తకం, పెన్ను, బంగారం, పువ్వులు, కత్తి లాంటివి పెట్టి ఏది పట్టుకుంటుందో చూస్తారు.

ఇవన్నీ క్యాప్షన్‌లో పట్టవు. మీ ఇంట్లో మాత్రమే ఉన్నది ఒకటి రెండు ఎంచుకోండి. పుస్తకం, పెన్ను అందరూ పెడతారు. బెల్లం వేడి పాలల్లో వేస్తే విరుగుతాయని పొయ్యి దించి, కాస్త చల్లారాక కలిపే బాపమ్మ మీ బాపమ్మే. అట్లాంటి ఒక్క వివరం ఉంటే ఆమె వంట చేసిన తీరు కళ్లముందు కనిపిస్తుంది.

ఎవరి పేరు ముందు రాయాలి? దీని మీదే గొడవ అవుతున్నది.

పేర్ల వరుస రాస్తే గొడవ తప్పదు. "అమ్మమ్మ, తాత, బాపమ్మ, తాతల ఆశీస్సులతో" అని రాస్తే ఏ వైపు ముందు వచ్చిందో మొదట చూసేది రెండో వైపువాళ్లే. దీనికి మేం చెప్పే ఉపాయం పేర్లకు బదులు పనులు రాయడం. ఒక్కొక్కరికి ఒక్కో పని ఇచ్చి, ఆ రోజు జరిగిన వరుసలోనే చెప్పండి. ముందు వంట అయింది కాబట్టి బాపమ్మ ముందు వచ్చింది, తర్వాత గిన్నె తెచ్చిన అమ్మమ్మ, ఆ తర్వాత ముద్ద పెట్టిన తాత. జరిగిన వరుసకు ఎవరూ వంక పెట్టలేరు.

చేయడానికి పనేమీ లేని మనిషి కూడా ఒకరుంటారు. మోకాళ్ల నొప్పితో కుర్చీలోనే కూర్చున్న తాత, ఊరి నుంచి రాలేక వీడియో కాల్‌లో చూసిన అమ్మమ్మ. వాళ్ల గురించి ఉన్నది ఉన్నట్టే రాయండి: "జమ్మికుంట తాత ఫోన్లనే ముద్ద చూపిచ్చిండు." రాలేదని దాచాల్సిన పని లేదు. కానీ చేయని పనిని వాళ్ల పేరున రాయొద్దు. ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్లందరికీ తెలుసు.

మన యాసలో రాయొచ్చా, పుస్తకం భాషలోనే రాయాలా?

రెండూ బాగుంటాయి. కలిపితేనే బాగుండదు. "తాత ముద్ద పెట్టిండు, బాపమ్మ దిష్టి తీశారు" అని రాస్తే ఒకే వాక్యంలో ఇద్దరు మనుషులు మాట్లాడినట్టు ఉంటుంది. యాసలో అయితే పెట్టిండు, తీసింది, వచ్చిండ్రు, గిన్నెల, కూసున్న అని చివరిదాకా ఒకటే తీరు ఉండాలి. పుస్తకం భాషలో అయితే పెట్టారు, తీశారు, వచ్చారు, గిన్నెలో.

గౌరవం సంగతి కూడా చూసుకోవాలి. బిడ్డ గొంతులో "తాత పెట్టిండు" అంటే దగ్గరితనమే, ఎవరూ తప్పుపట్టరు. కోడలు గొంతులో మామ గురించి రాస్తే "మామయ్య పెట్టిండ్రు" అనాలి. బిడ్డ గొంతే సులువని పైన అన్నది ఇందుకు కూడా.

దేశం బయట ఉన్న చుట్టాల పిల్లలు, ఆఫీసువాళ్లు ఎక్కువగా చూసే చోట పుస్తకం భాష పెట్టి, ఇంటి గ్రూపులో యాస పెట్టేవాళ్లూ ఉన్నారు. అది మంచి పద్ధతే.

ఒక క్యాప్షన్‌ను మొదటి నుంచి చివరిదాకా రాసి చూపిస్తారా?

ఊహించుకున్న ఒక ఇల్లు తీసుకుందాం. పాపను ఇంట్లో చిన్నీ అంటారు. తండ్రివైపు వరంగల్ కొత్తవాడ, తాత దర్రీలు నేసినవాడు. తల్లివైపు జమ్మికుంట. అక్కడి అమ్మమ్మ వెండి గిన్నె తెచ్చింది. బాపమ్మ పరమాన్నం వండింది. మేనమామ ఒళ్లో కూర్చోబెట్టుకొని మొదటి ముద్ద పెట్టాడు, తాత రెండో ముద్ద పెట్టాడు. ఫొటోలో పాప చేయి గిన్నె మీద ఉంది.

మామూలుగా మొదట రాసేది ఇట్లా ఉంటుంది:

"మా చిన్నారి జీవితంలో మరో మధుర ఘట్టం. పెద్దల ఆశీస్సులతో, మన సంప్రదాయం ప్రకారం అన్నప్రాశన వేడుక ఘనంగా జరిగింది."

ఇందులో తప్పు మాట ఒక్కటీ లేదు. కానీ "అన్నప్రాశన" తీసి "పుట్టినరోజు" పెట్టినా, "చెవులు కుట్టడం" పెట్టినా వాక్యం అట్లాగే నిలబడుతుంది. మాట మార్చినా నిలబడే క్యాప్షన్ ఏ ఇంటిదీ కాదు. రాసిన ప్రతిసారి ఈ పరీక్ష పెట్టి చూడండి.

ఇప్పుడు మనుషులను, పనులను తెద్దాం:

"బాపమ్మ పరమాన్నం వండింది. అమ్మమ్మ వెండి గిన్నె తెచ్చింది. తాత దర్రీ పరిచిండు. మామ మొదటి ముద్ద పెట్టిండు."

అందరూ వచ్చారు. కానీ హాజరు పట్టీ చదివినట్టుంది, నాలుగు వాక్యాలదీ ఒకటే కొలత. పైగా తాత దర్రీ పరచడమే కాదు, నేసింది ఆయనే. అదే ఆ ఇంటి ఆనవాయితీ. దాన్ని ముందుకు తెచ్చి, వాక్యాలను ఒకదాంట్లోకి ఒకటి కలుపుదాం:

"కొత్తవాడ తాత నేసిన దర్రీ మీద మామ కూసున్నడు, మామ ఒళ్లె నేను కూసున్న. జమ్మికుంట అమ్మమ్మ తెచ్చిన వెండి గిన్నెల బాపమ్మ వండిన పరమాన్నం. మొదటి ముద్ద మామ పెట్టిండు, రెండోది తాత పెట్టిండు. మూడోదానికి నేనే గిన్నె గుంజుకున్న."

ఇప్పుడు పరీక్ష పెట్టండి. పుట్టినరోజుకు ఇది అతకదు, పక్కింటివాళ్లకూ అతకదు. రెండు వైపులా వచ్చాయి. చివరి వాక్యం ఫొటోలో కనిపించే దాన్నే చెబుతుంది కాబట్టి చదివినవాళ్లు మళ్లీ పైకి చూస్తారు. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిందన్న సంగతి మాత్రం ఇక్కడ పెట్టొద్దు. అది దర్రీ గురించిన మాట, తాత గురించినది కాదు.

అదే పుస్తకం భాషలో, చిన్నగా కావాలంటే తల్లిదండ్రుల గొంతులో ఇట్లా: "వాళ్ల తాత నేసిన దర్రీ, అమ్మమ్మ తెచ్చిన వెండి గిన్నె, నానమ్మ వండిన పరమాన్నం. మా చిన్నీ అన్నప్రాశన." ముందున్న "వాళ్ల" అనే చిన్న మాట తీసేస్తే, మొదట చెప్పిన వరుసల చిక్కు మళ్లీ వస్తుంది.

నెల ఎట్లా రాయాలి? "ఏడు నెలలు" అన్నందుకు చుట్టాలు లెక్కలు అడుగుతున్నారు.

ఏడో నెల వేరు, ఏడు నెలలు వేరు. మన దగ్గర చాలామంది ఆడపిల్లకు బేసి నెల, మగపిల్లవాడికి సరి నెల చూస్తారు. లెక్కించేది నడుస్తున్న నెలను. ఆరు నెలలు నిండి ఏడోది నడుస్తుంటే "ఏడో నెల" అనాలి. "ఏడు నెలల పాప" అంటే ఏడు నిండినట్టు.

తల్లిపాలతో పాటు పై ఆహారం 6 నెలలు, అంటే 180 రోజులు నిండాక మొదలుపెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆడపిల్లకు ఏడో నెల ఈ రెండు లెక్కలకూ సరిపోతుంది. మగపిల్లవాడికి ఆరో నెల అంటే అయిదే నిండుతాయి. అందుకే ఎనిమిదో నెల దాకా ఆగేవాళ్లున్నారు, ఆరో నెలలో నాలుకకు తాకించి ఊరుకునేవాళ్లూ ఉన్నారు. మీరు తాకించే ఊరుకుంటే "పరమాన్నం నాలుకకు తాకించినం" అని రాయండి. "గిన్నెడు తిన్నడు" అని రాస్తే చూసిన ఇంకో తల్లి నిజమనుకుంటుంది.

పెద్దవాళ్లు తేనె నాకించారు. అది రాయొచ్చా?

ఏడాది నిండే వరకు పిల్లలకు తేనె పెట్టొద్దు. తేనెలో ఉండే ఒక రకం సూక్ష్మక్రిమి బీజాలు పసిపిల్లల పేగుల్లో పెరిగి విషం పుట్టించగలవు. బొటులిజం అనే ఆ జబ్బు అరుదు, కానీ ప్రమాదకరం. వేడుకకు ముందే ఈ సంగతి బాపమ్మకు, అమ్మమ్మకు చెప్పి పెట్టుకుంటే ఆ రోజు మాటా మాటా రాదు. పెట్టడమే జరిగిపోతే బిడ్డను డాక్టరుకు చూపించి సంగతి చెప్పండి. మలబద్ధకం, పాలు సరిగా చప్పరించకపోవడం, ఏడుపు నీరసపడటం, మెడ వాలిపోవడం కనిపిస్తే వెంటనే తీసుకెళ్లాలి. క్యాప్షన్‌లో దాన్ని ఆనవాయితీగా రాయొద్దు. మీ ఫొటో చూసి ఇంకో ఇంట్లో తేనె సీసా తీస్తారు.

తాత లేరు. ఆయనను ఎట్లా తలుచుకోవాలి?

ఆయన వస్తువు ఏదైనా ఆ రోజు వాడితే, దాని ద్వారా చెప్పండి. "ఈ గిన్నెల మా బాపు మొదటి ముద్ద తిన్నడట. తాత లేడు, తాత కొన్న గిన్నె ఉన్నది." రెండు వాక్యాలు చాలు. "స్వర్గం నుంచి దీవిస్తున్న" లాంటి మాటలు శ్రద్ధాంజలి ఫ్లెక్సీల మీద రోజూ చూస్తాం కాబట్టి, వేడుక ఫొటో కింద అవి బరువవుతాయి.

ఒక జాగ్రత్త ఉంది. ఆ మాట పెట్టే ముందు అవ్వకు చదివి వినిపించండి. పోయి ఎక్కువ రోజులు కాకపోతే ఆమె వద్దనవచ్చు. వద్దంటే తీసేయాలి. గిన్నె ఫొటోలో ఉంటుంది, తెలిసినవాళ్లకు తెలుస్తుంది.

ఎంత పొడుగు ఉండాలి?

ఇన్‌స్టాగ్రామ్‌లో 2,200 అక్షరాల దాకా రాయనిస్తారు. కానీ తెరవకముందు కనిపించేది మొదటి ఒకటి రెండు లైన్లే. గుణింతం, ఒత్తు కూడా విడివిడిగా లెక్కకు వస్తాయి కాబట్టి తెలుగులో ఆ లెక్క తొందరగా నిండుతుంది. అందుకే తాత, అమ్మమ్మ, బాపమ్మ మొదటి లైన్లలోనే రావాలి. "అందరికీ నమస్కారం, ఈ శుభ సందర్భంగా" అని మొదలుపెడితే కనిపించేది అదొక్కటే.

వాట్సాప్ స్టేటస్‌లో క్యాప్షన్ ఫొటో కింది భాగం మీద పడుతుంది. అన్నప్రాశన ఫొటోలో గిన్నె, ముద్ద ఉండేది అక్కడే. స్టేటస్‌కు ఒక్క లైనే పెట్టి, పొడుగు క్యాప్షన్ ఇంటి గ్రూపులో వేయండి. గ్రూపులో తప్పు పడితే 15 నిమిషాల్లోపు దిద్దుకోవచ్చు, ఆ తర్వాత కుదరదు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఎప్పుడైనా దిద్దుకోవచ్చు.

ఆల్బంలో, ఫ్లెక్సీ మీద వేయించాం. ఒత్తులన్నీ విడిపోయాయి. ఎందుకు?

మీరు ఫోన్‌లో రాసేది యూనికోడ్ తెలుగు. చాలా ఫ్లెక్సీ, ఆల్బం షాపుల్లో టైప్ చేసేది 'అను' అనే ఫాంట్లతో. రెండింటికీ పొత్తు కుదరదు. మీ వాట్సాప్ మెసేజ్‌ను ఆపరేటర్ అట్లాగే కాపీ చేసి ఫొటోషాప్‌లో వేస్తే, అక్కడ భారతీయ భాషల అమరిక ఆన్ చేసి లేకపోతే ఒత్తు అక్షరం కిందికి రాదు. "అన్నప్రాశన" కాస్తా "అన్‌నప్‌రాశన" అన్నట్టు ఒత్తులు ఊడి కనిపిస్తుంది. ఇంకో తప్పు కూడా జరుగుతుంది. ఆపరేటర్ మీది చూసి మళ్లీ టైప్ చేస్తాడు, అప్పుడు "పెట్టిండు"ను తప్పనుకొని "పెట్టాడు" అని దిద్దేస్తాడు. యాసలో రాసినవాళ్లకు ఇది తరచుగా ఎదురవుతుంది.

అందుకని మెసేజ్‌తో పాటు దాని స్క్రీన్‌షాట్ కూడా పంపండి, "ఉన్నది ఉన్నట్టే కొట్టండి" అని చెప్పండి. ప్రింటుకు ముందు నమూనా ఫొటో అడగండి. అందులో న్న, మ్మ, ప్రా, ళ్లె, ట్టి అనే అక్షరాలను పెద్దగా చేసి చూడండి, ఊళ్ల పేర్లు చూడండి. ఈ అయిదు సరిగా ఉంటే మిగతావి కూడా చాలావరకు సరిగానే ఉంటాయి.

ఆల్బంలో ఒక పేజీకి ఒక్క వాక్యం చాలు. పై క్యాప్షన్‌ను నాలుగు పేజీలకు పంచొచ్చు: దర్రీ ఫొటో కింద దర్రీ మాట, గిన్నె ఫొటో కింద గిన్నె మాట.

అందరికీ కనిపించే చోట ఏం రాయకూడదు?

బిడ్డ పూర్తి పేరు, పుట్టిన తేదీ, ఇంటి నంబరు. నక్షత్రం, తిథి వివరాలు పంతులుకు కావాలి గానీ చూసేవాళ్లకు అక్కరలేదు. ముద్దుపేరు, ఊరు సరిపోతాయి. ఇల్లు ఏ గల్లీలో ఉందో తెలిసేలా లొకేషన్ పెట్టొద్దు. గుడిలో చేస్తే గుడి పేరు పెట్టుకోవచ్చు, ఇంటికి వచ్చాక పెట్టండి.

ఒంటి మీద బట్టల్లేని ఫొటో ఇంటి గ్రూపులో కూడా వద్దు. ఒకసారి ఫార్వర్డ్ అయితే ఎక్కడిదాకా పోతుందో తెలియదు.

పెట్టేముందు చివరగా ఏం చూసుకోవాలి?

ఇద్దరు అవ్వలకూ చదివి వినిపించండి. దూరంగా ఉన్నామెకు ఫోన్‌లో చదవండి. రాసినవాళ్ల కంటికి కనిపించని తప్పు వాళ్లు వెంటనే పట్టుకుంటారు: గిన్నె తెచ్చింది అమ్మమ్మ కాదు చిన్నమ్మ అని, మొదటి ముద్ద మామ కంటే ముందు దేవుని దగ్గర పెట్టామని. అట్లా చెప్పినప్పుడు ఆ దేవుని ముద్ద మాట మీ మూడో వాక్యంలో ఎక్కడ పడుతుందో చూసి చేర్చండి: "దేవునికి పెట్టినంక మొదటి ముద్ద మామ పెట్టిండు."